నేమ్‌ప్లేట్ మీది 7.15 శాతం ఏం చెబుతోంది?

మండల కేంద్రాల్లోని 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో తరచుగా కనిపించేది 5 ఎంవీఏ పవర్ ట్రాన్స్‌ఫార్మర్. దానికి బిగించిన నేమ్‌ప్లేట్ మీద వోల్టేజీలు, ఆంపియర్లు, నూనె ఎన్ని లీటర్లు, బరువెంత అన్నీ ఉంటాయి. వాటి మధ్యలో ‘పర్సెంటేజ్ ఇంపెడెన్స్ 7.15’ అనే వరుస కూడా ఉంటుంది. ఆ ప్లేటు మీదున్న వాటిలో ఎక్కువ కబుర్లు చెప్పేది ఆ వరుసే. ఆ సబ్‌స్టేషన్లో తీగలు మూడూ ఒకదానికొకటి తగులుకుంటే ఎన్ని ఆంపియర్లు పరుగెత్తుకొస్తాయో లెక్క కట్టడం అక్కణ్నించే మొదలవుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యాక్టరీ గేటు దాటకముందే దానికో పరీక్ష పెడతారు. 11 కేవీ వైపు టెర్మినళ్లు మూడింటినీ మందపాటి రాగిపట్టీతో కలిపి బిగిస్తారు. అంటే కావాలనే షార్ట్ చేస్తారు. ఆ తర్వాత 33 కేవీ వైపు వోల్టేజీని సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతారు. షార్ట్ చేసిన వైపు ఫుల్ లోడ్ కరెంటు, అంటే 262 ఆంపియర్లు, పారగానే ఆపి, ఎంత వోల్టేజీ ఇచ్చామో చూస్తారు. మన ట్రాన్స్‌ఫార్మర్‌కు అది దాదాపు 2,360 వోల్టులు. 33,000లో ఇది 7.15 శాతం. నేమ్‌ప్లేటు మీద చెక్కింది ఈ అంకెనే.

దీన్ని తిరగేసి చదివితే అసలు సంగతి బయటపడుతుంది. నూటికి 7.15 వంతుల వోల్టేజీకే ఫుల్ లోడ్ కరెంటు వచ్చిందంటే, షార్ట్ అలాగే ఉండగా పూర్తి 33,000 వోల్టులు పడితే 100ను 7.15తో భాగించినన్ని రెట్లు, అంటే 14 రెట్లు వస్తుంది. 262ను 14తో గుణిస్తే సుమారు 3,670 ఆంపియర్లు. చాలామంది లెక్కను ఇక్కడితో ముగించేస్తారు. కానీ షార్ట్ అయినప్పుడు 33 కేవీ వైపు వోల్టేజీ చెక్కుచెదరకుండా నిలబడుతుందని ఎవరు చెప్పారు? దాని వెనక పది కిలోమీటర్ల లైను ఉంది, ఆ లైను వెనక ఇంకో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దాని వెనక గ్రిడ్ ఉంది. ఇవన్నీ తలా కొంత అడ్డు పడతాయి. ఎవరు ఎంత అడ్డుపడతారో తేల్చడమే ఈ లెక్క.

ముందుగా ఆ మూడు తీగలు కలిసే సందర్భం ఎలాంటిదో చూద్దాం. లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే లైన్ క్లియర్. ఆపరేటర్ బ్రేకర్ తెరుస్తాడు, ఏబీ స్విచ్ లాగుతాడు. లైన్‌మన్ స్తంభం దగ్గర డిశ్చార్జ్ రాడ్ తగిలించి, మూడు తీగలకూ క్లాంపులు పెట్టి భూమికి కలిపి పనిలోకి దిగుతాడు. పని అయిపోతుంది, ఎల్‌సీ తిరిగి ఇచ్చేస్తారు, ఒక చోట ఎర్తింగ్ సెట్టు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆపరేటర్ బ్రేకర్ వేస్తాడు. మూడు ఫేజులూ ఒకే ముడిలో, పైగా భూమికి కట్టేసి ఉన్నాయి. పుస్తకాల్లో సౌష్టవ ఫాల్ట్ అని రాసేది అచ్చంగా దీన్నే. సబ్‌స్టేషన్లో త్రీ-ఫేజ్ ఫాల్ట్ అంటారు. మూడు ఫేజుల్లోనూ సమానమైన కరెంటు, మునుపటిలాగే ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడంతో పారుతుంది. అందుకే ఒక్క ఫేజు లెక్క కడితే చాలు, మిగతా రెండూ దాని నకళ్లే.

ఇలాంటి ఫాల్ట్‌లు మొత్తంలో నూటికి అయిదు దాకా ఉంటాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మిగతావన్నీ ఒక తీగ చెట్టుకొమ్మకు తగలడం, రెండు తీగలు గాలికి రాసుకోవడం లాంటివి. అయినా ముందుగా దీన్నే లెక్క కడతారు. లెక్క తేలిక కావడం ఒక కారణం. చాలా చోట్ల బ్రేకర్ మీద పడే పెద్ద దెబ్బ ఇదే కావడం రెండో కారణం.

ఇప్పుడు మన సబ్‌స్టేషన్ ఎలా ఉందో చూద్దాం. ఇది ఫలానా ఊరిది అని కాదు, మామూలుగా ఉండే కొలతలతో నేను కూర్చిన నమూనా. పైన 132 కేవీ సబ్‌స్టేషన్ ఉంది. అక్కడ గ్రిడ్ బలం, అంటే ఫాల్ట్ లెవెల్, 2,000 ఎంవీఏ. అక్కడే 132/33 కేవీ, 50 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దాని రియాక్టెన్స్ 12.5 శాతం. అక్కడి నుంచి మన దాకా పది కిలోమీటర్ల 33 కేవీ లైను ఉంది, కిలోమీటరుకు 0.4 ఓముల చొప్పున దాని రియాక్టెన్స్ 4 ఓములు. చివర మన 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, 7.15 శాతం. ట్రాన్స్‌ఫార్మర్లలో రెసిస్టెన్స్ రియాక్టెన్స్ ముందు లెక్కలోకి రానంత చిన్నది కాబట్టి ప్రస్తుతానికి దాన్ని పక్కన పెడదాం. ఆ పక్కన పెట్టడం ఎక్కడ బెడిసికొడుతుందో చివర్లో చూస్తాం.

ఇక్కడ చిక్కేమిటంటే ఒకటి ఎంవీఏల్లో ఉంది, ఒకటి ఓముల్లో ఉంది, రెండు శాతాల్లో ఉన్నాయి. ఆ శాతాలు కూడా ఒకటి 50 ఎంవీఏకు, ఇంకొకటి 5 ఎంవీఏకు చెందినవి. ఒకాయనకు హైదరాబాద్ పక్కన 20 గుంటలు, గుంటూరు పక్కన 50 సెంట్లు ఉంటే మొత్తం 70 అనడు కదా! గుంటలను 40తోనూ సెంట్లను 100తోనూ భాగించి, అరెకరా అరెకరా కలిపి ఎకరం అంటాడు. పర్ యూనిట్ పద్ధతి చేసేదీ అంతే. ఏదో ఒక ఎంవీఏను ఎకరంలాగా ఎంచుకుని, ప్రతి రియాక్టెన్స్‌ను దాని వంతుగా రాయడం. ఇంజనీర్లు ఆ ఎకరాన్ని బేస్ అంటారు. ఎంతైనా తీసుకోవచ్చు, చివర్లో ఆంపియర్లు మారవు. అలవాటుగా అందరూ 100 ఎంవీఏ తీసుకుంటారు, మనమూ అదే తీసుకుందాం. వోల్టేజీ బేసులు మాత్రం మన ఇష్టం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తిని అనుసరించి ఆయా చోట్ల 132, 33, 11 కేవీలే తీసుకోవాలి.

గ్రిడ్‌తో మొదలుపెడదాం. 2,000 ఎంవీఏ ఫాల్ట్ ఇవ్వగలిగేది 100 ఎంవీఏ బేస్ మీద 100/2000, అంటే 0.05 అవుతుంది. గ్రిడ్ ఎంత బలంగా ఉంటే ఈ అంకె అంత చిన్నది.

ట్రాన్స్‌ఫార్మర్లకు ఈ సూత్రం చాలు:

```
X_new = X_old × (MVA_new / MVA_old)
```

50 ఎంవీఏ మీద 0.125 అంటే 100 మీద 0.25. 5 ఎంవీఏ మీద 0.0715 అంటే 100 మీద 1.43. ఇక్కడ ఒక క్షణం ఆగాలి. నేమ్‌ప్లేట్లు పక్కపక్కన పెట్టి చూస్తే 12.5 శాతం వాడే పెద్దవాడు, 7.15 వాడు చిన్నవాడు అనిపిస్తుంది. ఒకే బేస్ మీదికి తెచ్చాక తారుమారైంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెద్దదానికంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా అడ్డుపడుతోంది. ఇంజనీరింగ్ విద్యార్థులు పరీక్షలో ఎక్కువగా పోగొట్టుకునే మార్కులు ఇక్కడివే. 12.5కు 7.15 కలిపేసి 19.65 శాతం అని రాసేస్తారు. ఎవరి ఎంవీఏకు 19.65 శాతం అని అడిగితే జవాబుండదు.

లైనుకు ఓములను బేస్ ఓములతో భాగించాలి. బేస్ ఓములంటే కేవీ వర్గాన్ని ఎంవీఏతో భాగించగా వచ్చేది. 33 కేవీ దగ్గర 1,089ని 100తో భాగిస్తే 10.89 ఓములు. మన లైను 4 ఓములు కాబట్టి 4/10.89, సుమారు 0.367. ఇక్కడ పొరపాటున 11 కేవీ బేస్ వాడితే తొమ్మిది రెట్లు పెరిగి 3.3 వస్తుంది. పది కిలోమీటర్ల లైను ఒక్కటే ట్రాన్స్‌ఫార్మర్‌కు రెట్టింపుకు మించి అడ్డుపడుతోందని కనిపించిన వెంటనే ఏదో తేడా కొట్టిందని గుర్తుపట్టాలి.

ఆ తొమ్మిది రెట్లలోనే పర్ యూనిట్ కిటుకంతా ఉంది. 11 కేవీ వైపున్న ఒక ఓము, 33 కేవీ వైపు నుంచి చూస్తే నిష్పత్తి వర్గం చొప్పున తొమ్మిది ఓములుగా కనిపిస్తుంది. బేస్ ఓములు కూడా అటు 10.89, ఇటు 1.21, అంటే సరిగ్గా తొమ్మిది రెట్ల తేడా. రెండువైపులా భాగిస్తే ఒకే 0.826 వస్తుంది. కాబట్టి ఈ భాషలో రాసుకున్నాక ట్రాన్స్‌ఫార్మర్ అటు ఇటు అన్న తేడా పోతుంది. 132 నుంచి 11 దాకా నాలుగు రియాక్టెన్స్‌లు వరుసగా ఒకే తీగకు గుచ్చినట్టు మిగులుతాయి. కూడుకోవడమే తరువాయి.

0.05, 0.25, 0.367, 1.43 కలిపితే 2.097. ఫాల్ట్‌కు ముందు వోల్టేజీ 1 అనుకుంటే, ఫాల్ట్ కరెంటు 1/2.097, అంటే 0.477 పర్ యూనిట్. దీన్ని ఆంపియర్లలోకి మార్చాలంటే 11 కేవీ దగ్గర బేస్ కరెంటు కావాలి:

```
I_base = 100000 kVA / (1.732 × 11 kV) = 5249 A
```

దాన్ని 0.477తో గుణిస్తే 2,503 ఆంపియర్లు. నేమ్‌ప్లేట్ ఒక్కటే చూసి వేసిన 3,670లో మూడోవంతు దాకా వెనకనున్న లైను, ట్రాన్స్‌ఫార్మర్, గ్రిడ్ కలిసి కోసేశాయి.

నిజానికి ఈ 2,503 అనే అంకెను 2,500 అని రాసుకోవడమే మర్యాద. 7.15 శాతం ట్రాన్స్‌ఫార్మర్‌కు ప్రమాణాలే అటు ఇటు పదో వంతు తేడాను ఒప్పుకుంటాయి. అలాంటి సరుకు మీద కట్టిన లెక్కలో నాలుగో అంకెకు విలువ లేదు.

లెక్క తప్పిందో లేదో తెలుసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు, ఫాల్ట్ లెవెల్‌ను మెట్టు మెట్టుగా రాసుకుంటే చాలు. 100ను అక్కడిదాకా కూడిన రియాక్టెన్స్‌తో భాగిస్తే ఆ చోటి ఫాల్ట్ ఎంవీఏ వస్తుంది. 132 కేవీ దగ్గర 2,000, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ దాటాక 333, లైను దాటి మన సబ్‌స్టేషన్ 33 కేవీ బస్ దగ్గర 150, 11 కేవీ బస్ దగ్గర 48. ఒకే వైపు నుంచి కరెంటు వస్తున్నంతకాలం ఈ వరుస దిగుతూనే పోవాలి. మధ్యలో ఎక్కడైనా పెరిగిందంటే లెక్కలో బేస్ తప్పింది. రెండో పరీక్ష కూడా ఉంది. వెనక గ్రిడ్ ఎంత గొప్పదైనా 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దాటి 5/0.0715, అంటే 70 ఎంవీఏకు మించి రాదు. మనకు వచ్చింది 48 కాబట్టి నమ్మొచ్చు. ఫాల్ట్ ఎంవీఏ అన్నది ఎక్కడా ఖర్చయ్యే శక్తి కాదని కూడా చెప్పుకోవాలి. ఫాల్ట్ పడ్డ చోట వోల్టేజీ సున్నా. ఫాల్ట్‌కు ముందున్న వోల్టేజీని ఫాల్ట్ తర్వాతి కరెంటుతో గుణించి రాసుకున్న గుర్తు అది, అంతే.

అవే నాలుగు అంకెలు ఇంకో సంగతి కూడా చెబుతాయి. పక్క మండలంలో ఫాల్ట్ పడితే మన ఇంట్లో లైట్లు ఎందుకు ఒక్కసారి డిమ్ అవుతాయి? 11 కేవీ బస్ దగ్గర ఫాల్ట్ ఉన్న క్షణంలో, 33 కేవీ బస్ దగ్గర మిగిలే వోల్టేజీ 1.43ను 2.097తో భాగించగా వచ్చే 68 శాతం. ఆ 33 కేవీ లైను మీదున్న తక్కిన సబ్‌స్టేషన్లలో, తగిలించుకున్న చోటును బట్టి, 68 నుంచి 86 శాతం మధ్య ఉంటుంది. బ్రేకర్ తెరుచుకునే దాకా అంతే. 132 కేవీ వైపు మాత్రం రెండున్నర శాతం కూడా తగ్గదు, పైవాళ్లకు ఏం జరిగిందో తెలియను కూడా తెలియదు.

ఇప్పుడు వేసవి లోడు పెరిగి పక్కన రెండో 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ వేశారనుకుందాం. రెండూ కలిపి నడుపుతున్నారు. 1.43 సగమై 0.715 అయింది. మొత్తం 1.382. ఫాల్ట్ కరెంటు 3,797 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్లు రెట్టింపైనా కరెంటు ఒకటిన్నర రెట్లే పెరిగింది, ఎందుకంటే లైను, వెనకదంతా అలాగే ఉంది. పర్ యూనిట్‌లో ఏ వస్తువు వాటా ఎంతో విడివిడిగా కళ్లకు కట్టినట్టుంటుంది కాబట్టి, ఏది మారిస్తే ఎంత మారుతుందో లెక్కకు ముందే అంచనా దొరుకుతుంది. ఓముల్లో చేస్తే ఈ చూపు దొరకదు.

ఇంతవరకు కరెంటు ఒకే వైపు నుంచి వచ్చింది. సబ్‌స్టేషన్ గోడ పక్కనే ఒక చక్కెర మిల్లు ఉండి, చెరుకు పిప్పి మండించి సొంతంగా కరెంటు తీస్తోందనుకుంటే కథ మారుతుంది. 12.5 ఎంవీఏ, 11 కేవీ జనరేటర్. దాని సబ్‌ట్రాన్సియెంట్ రియాక్టెన్స్ 15 శాతం, 100 ఎంవీఏ బేస్ మీద 1.2. దాని కరెంటును 33 కేవీకి ఎత్తే ట్రాన్స్‌ఫార్మర్ కూడా 12.5 ఎంవీఏదే, 10 శాతం, బేస్ మీద 0.8. రెండూ కలిపి 2.0. ఇవి మన 33 కేవీ బస్‌కు తగులుకున్నాయి. అప్పటిదాకా ఆ బస్ వెనక గ్రిడ్ వైపు 0.667 ఉంది. ఫాల్ట్ దృష్టిలో గ్రిడ్, జనరేటర్ రెండూ ఒకే పనిమీద ఉన్న రెండు సమాంతర దారులు. 0.667, 2.0 సమాంతరంగా కలిస్తే సుమారు 0.5. రెండు ట్రాన్స్‌ఫార్మర్ల 0.715 కలిపితే 1.215, 11 కేవీ ఫాల్ట్ కరెంటు 4,318 ఆంపియర్లు. క్రషింగ్ సీజన్లో ఇది, సీజన్ అయిపోయి బాయిలర్ ఆర్పేస్తే మళ్లీ 3,797. అంటే సబ్‌స్టేషన్‌కు ఫాల్ట్ లెవెల్ అనేది ఏడాదంతా ఒకటే కాదు. బ్రేకర్ చాలుతుందా అన్న లెక్కకు అన్నీ నడుస్తున్నప్పటి పెద్ద అంకె తీసుకోవాలి. రిలే పసిగడుతుందా అన్న లెక్కకు ఒకటే ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, మిల్లు ఆగిపోయినప్పటి చిన్న అంకె తీసుకోవాలి.

మిల్లు లోపలి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వాళ్ల 11 కేవీ బస్ మీదే ఫాల్ట్ పడితే, గ్రిడ్ వైపు నుంచి 0.667కు 0.8 కలిపి 1.467, అంటే 3,577 ఆంపియర్లు వస్తాయి. సొంత జనరేటర్ 1.2 మీద 4,374 ఇస్తుంది. మొత్తం దాదాపు 8,000. జనరేటర్ పెట్టకముందు 3,577కు సరిపోయిన కేబుళ్లు, ఐసోలేటర్లు ఇప్పుడు రెట్టింపుకు మించిన దెబ్బ తినాలి. మిల్లు లోపలి పెద్ద మోటార్లు కూడా తొలి రెండు మూడు సైకిళ్లు జనరేటర్లలాగే ఎదురు కరెంటు పంపుతాయి. కచ్చితమైన లెక్కలో వాటినీ కలుపుతారు.

జనరేటర్ ఇచ్చే కరెంటు మాత్రం స్థిరంగా ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్, లైను రియాక్టెన్స్‌లు ఎప్పుడు చూసినా ఒకటే. జనరేటర్ డేటా షీటులో మూడు అంకెలుంటాయి. ఫాల్ట్ పడ్డ క్షణాన రోటర్ మీది డ్యాంపర్ తీగచుట్లు, ఫీల్డ్ చుట్లు లోపలి అయస్కాంత ప్రవాహాన్ని పట్టుకుని వదలవు, అందుకే కరెంటు భారీగా ఉంటుంది. అప్పటి అంకె సబ్‌ట్రాన్సియెంట్, మన జనరేటర్‌కు 15 శాతం. కొద్ది సైకిళ్లలో డ్యాంపర్ పట్టు సడలుతుంది, ట్రాన్సియెంట్ రియాక్టెన్స్ పాత్రలోకి వస్తుంది. అది 25 శాతం అనుకుంటే 4,374 కాస్తా 2,624 అవుతుంది. ఒకటి రెండు సెకన్లు గడిచేసరికి ఫీల్డ్ పట్టూ పోతుంది. అప్పుడుండేది సింక్రనస్ రియాక్టెన్స్, టర్బో జనరేటర్లకు అది 180 శాతం దాకా ఉండొచ్చు. జనరేటర్ ఖాళీగా తిరుగుతున్నప్పటి ఎక్సైటేషనే కొనసాగితే మిగిలే కరెంటు 364 ఆంపియర్లు. ఈ జనరేటర్ ఫుల్ లోడ్ కరెంటే 656. టెర్మినళ్ల దగ్గర నేరుగా షార్ట్ అయి ఉండగా, ఫుల్ లోడ్‌లో సగం కరెంటు చూపిస్తోందన్న మాట! మామూలు ఓవర్‌కరెంట్ రిలే దీన్ని చూసి అంతా బాగానే ఉందనుకుంటుంది. అందుకే జనరేటర్లకు వోల్టేజీ పడిపోయిందా లేదా అని కూడా చూసి, పడిపోతే తక్కువ కరెంటుకే పనిచేసే రిలేలు పెడతారు. బ్రేకర్ రేటింగ్ కోసం 180 శాతం వాడినా, రిలే ఆలస్యపు లెక్కకు 15 శాతం వాడినా కూడిక, భాగహారం తప్పకుండానే జవాబు తప్పుతుంది. ఈ లెక్కలో ఇలాంటి తప్పే అన్నిటికంటే ఆలస్యంగా బయటపడుతుంది.

ఇన్ని అంకెలు వచ్చాయి కదా, వాటిని బ్రేకర్ ప్లేటు పక్కన పెట్టి చూద్దాం. ఇప్పటి 11 కేవీ వాక్యూమ్ బ్రేకర్ మీద 25 కిలో ఆంపియర్లు అని ఉంటే, మన 4.3 కిలో ఆంపియర్లకు అది ఎక్కువే. పాత ప్యానెళ్ల మీద 18.4 కిలో ఆంపియర్లు అనే వింత అంకె కనిపిస్తుంది. అప్పట్లో రేటింగ్ ఎంవీఏలో చెప్పేవాళ్లు. 350 ఎంవీఏను 1.732 రెట్ల 11తో భాగిస్తే వచ్చేది ఆ 18.4. ఇదే ప్లేటు మీద మేకింగ్ కెపాసిటీ అని 62.5 కనిపిస్తుంది, 25కు రెండున్నర రెట్లు. మనం లెక్కగట్టింది నికరమైన ఏసీ కరెంటు మాత్రమే. ఫాల్ట్ ఏ క్షణాన పడిందన్నదాన్ని బట్టి తొలి సైకిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది, దానికి తోడు కొంత డీసీ చేరుతుంది. ఆ తొలి శిఖరం మన అంకెకు రెండున్నర రెట్ల దాకా పోతుంది, అంటే 4,318కి దాదాపు 10,800. బస్‌బార్లను వంచేది, ఇన్సులేటర్లను విరిచేది ఆ మొదటి శిఖరమే. ఎర్తింగ్ రాడ్లు మరచిన లైను మీద బ్రేకర్ వేసేటప్పుడు, కాంటాక్టులు మూసుకునే క్షణంలో దాన్ని తట్టుకోవాలి కాబట్టే ఆ రెండో రేటింగ్.

ఇక మొదట్లో పక్కన పెట్టిన రెసిస్టెన్స్ దగ్గరికి వద్దాం. సబ్‌స్టేషన్ బస్ దగ్గర దాన్ని వదిలేసినా పెద్దగా పోయేదేమీ లేదు. పోయేదంతా 11 కేవీ ఫీడరు చివర్లో ఉంది. పల్లె ఫీడర్ల మీద వీజిల్ అనే సన్నటి ఏసీఎస్‌ఆర్ తీగ విరివిగా ఉంటుంది. దాని రెసిస్టెన్స్ కిలోమీటరుకు 0.9 ఓములకు పైనే, రియాక్టెన్స్ మాత్రం 0.38 దరిదాపుల్లో ఉంటుంది. ఇక్కడ రాజు రెసిస్టెన్సే, రియాక్టెన్స్ కాదు.

పదిహేను కిలోమీటర్ల అవతల, ఫీడరు చిట్టచివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫాల్ట్ పడిందనుకుందాం. సబ్‌స్టేషన్లో ఒకటే ట్రాన్స్‌ఫార్మర్ నడుస్తోంది, మిల్లు ఆగింది. రియాక్టెన్స్ ఒక్కటే లెక్కిస్తే లైనుది 5.7 ఓములు, 1.21తో భాగిస్తే 4.71. వెనకటి 2.097తో కలిపి 6.81. ఫాల్ట్ కరెంటు 771 ఆంపియర్లు. ఇప్పుడు రెసిస్టెన్స్ కూడా కలపాలి. అది 13.5 ఓములు, పర్ యూనిట్‌లో 11.16. రెండూ లంబకోణంలో ఉన్నవి కాబట్టి వర్గాలు కలిపి మూలం తీయాలి. 13.07 వస్తుంది, కరెంటు 402 ఆంపియర్లు. దాదాపు సగానికి పడిపోయింది. ఫాల్ట్ వేడికి తీగ రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది కాబట్టి నిజంలో ఇంకొంచెం తక్కువే ఉంటుంది.

ఈ తేడా రిలే దగ్గర ఎలా కనబడుతుందో చూస్తే దాని బరువు తెలుస్తుంది. ఫీడరు లోడును దృష్టిలో పెట్టుకుని ఐడీఎంటీ రిలేను 300 ఆంపియర్లకు, టైమ్ మల్టిప్లయర్ 0.1కి పెట్టారనుకోండి. 771 ఆంపియర్లు వస్తే స్టాండర్డ్ ఇన్వర్స్ వక్రం ప్రకారం అది 0.73 సెకన్లలో ట్రిప్ అవుతుంది. కాగితం మీద బాగుంది. నిజంగా వచ్చేది 402 కాబట్టి 2.4 సెకన్లు తీసుకుంటుంది. అదే చోట మూడు తీగలు కాక రెండే రాసుకుంటే కరెంటు త్రీ-ఫేజ్ ఫాల్ట్‌లో 0.866 వంతు, అంటే 348 ఆంపియర్లు. రిలేకు దాదాపు 4.7 సెకన్లు పడుతుంది. అంతసేపు ఆ ఊరి చివర నిప్పురవ్వలు రాలుతూనే ఉంటాయి. కింద ఎండుగడ్డి వాము ఉంటే అయిదు సెకన్లు చాలా ఎక్కువ.

పికప్‌ను 300 నుంచి దించుదామంటే సాయంత్రం మోటార్ల లోడుకే ఫీడరు ట్రిప్ అయ్యే ప్రమాదం ఉంటుంది. అందుకని ఇలాంటి పొడుగు ఫీడర్ల మధ్యలో, ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఎక్కడో, ఒక ఆటో రీక్లోజర్ పెడతారు. దాని అవతల ఉండే లోడు తక్కువ కాబట్టి దాని పికప్ 120 ఆంపియర్లకో 150కో పెట్టుకోవచ్చు. అప్పుడు 348 ఆంపియర్లు దానికి రెండు రెట్లకు పైనే అవుతాయి, 150కి పెట్టినా 0.1 మల్టిప్లయర్‌తో ఒక సెకనుకు ఇంచుమించుగా తెరుచుకుంటుంది. తీగ మార్చే బడ్జెట్ దొరికితే ముందు బస్‌కు దగ్గరున్న కిలోమీటర్ల వీజిల్ తీసి రాబిట్ వేస్తారు. కిలోమీటరు రెసిస్టెన్స్ 0.9 నుంచి 0.55 దరిదాపులకు దిగుతుంది, చివరి ఫాల్ట్ కరెంటు ఆ మేరకు పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో తేల్చడానికి మళ్లీ అదే కాగితం తీసి, 1.21తో భాగించి, రెసిస్టెన్స్ వరుసలో ఆ ఒక్క అంకె మార్చుకుంటే చాలు.